చిన్న దుకాణంలో క్యూఆర్, కార్డు మిషన్, నగదు: రుసుముల లెక్క, జమ ఆలస్యాల లెక్క

వ్యయ గణన పాఠాల్లో స్థిర వ్యయం, చర వ్యయం అనే రెండు మాటలు మీరు ఇప్పటికే చదివారు. వాటిని కర్మాగారాలకు సంబంధించిన ఉదాహరణలతో చెప్పడం మన పాఠ్యపుస్తకాలకు అలవాటు. ఈ భాగంలో అవే మాటలను ఒక కిరాణా దుకాణం గల్లా పెట్టె దగ్గరికి తీసుకువద్దాం. గిరాకీ వచ్చి సరుకు కొన్నాక డబ్బు మూడు దారుల్లో రావచ్చు. ఫోనుతో క్యూఆర్ స్కాన్ చేయవచ్చు, కార్డు మిషన్ మీద గీకవచ్చు లేదా పెట్టవచ్చు, లేకపోతే నోట్లు ఇవ్వవచ్చు. మూడింటిలో ఏది చవక అని అడిగితే చాలామంది దుకాణదారులు శాతాలు చెబుతారు: క్యూఆర్‌కు సున్నా, కార్డుకు ఒకటో రెండో, నగదుకు సున్నా. ఈ మూడు జవాబులూ అసంపూర్ణమైనవే. ఎందుకో చూద్దాం.

ఇబ్రహీంపూర్ అనుభవం

2016 నవంబరు 8న పెద్ద నోట్ల రద్దు ప్రకటన వెలువడింది. ఆ తరువాతి వారాల్లో, కరీంనగర్‌కు పొరుగునే ఉన్న సిద్దిపేట జిల్లాలోని ఇబ్రహీంపూర్ గ్రామం నగదు రహిత గ్రామంగా దేశమంతటా వార్తల్లోకి వచ్చింది. ఊళ్లోని చిన్న చిన్న దుకాణాలకు కూడా స్వైపింగ్ మిషన్లు ఇచ్చారు. ఒకటిన్నర సంవత్సరం తిరిగేసరికి ఆ మిషన్లను దుకాణదారులు బ్యాంకుకు తిరిగి ఇచ్చేశారని పత్రికలు రాశాయి. కారణం కార్డు మీద పడే శాతం రుసుము కాదు. మిషన్‌కు నెలనెలా పడే కిరాయి. పత్రికల్లో వచ్చిన లెక్క ప్రకారం అది నెలకు వెయ్యి రూపాయలు దాటింది. ఆ నెలలో ఎన్ని కార్డులు గీకారన్న దానితో నిమిత్తం లేకుండా ఆ సొమ్ము ఖాతాలోంచి పోయేది.

ఈ ఉదంతంలో వాణిజ్య శాస్త్ర విద్యార్థి గమనించవలసింది ఒకటే. పల్లెటూరి దుకాణంలో కార్డు వ్యాపారం నెలకు పదివేలు ఉందనుకుందాం. వెయ్యి రూపాయల కిరాయి అంటే నూటికి పది రూపాయలు. కిరాణాలో నూటికి పది రూపాయల లాభమే కష్టం. అదే కిరాయి నెలకు రెండు లక్షల కార్డు వ్యాపారం ఉన్న బట్టల దుకాణం మీద పడితే నూటికి యాభై పైసలు. మిషన్ అదే, కిరాయి అదే, దాని భారం మాత్రం ఇరవై రెట్లు తేడా. కాబట్టి మనం పోల్చవలసింది ప్రకటనలో కనిపించే శాతాన్ని కాదు, ఆ దారిలో వచ్చే ప్రతి నూరు రూపాయల అమ్మకానికి మొత్తం ఎంత ఖర్చవుతోందన్న దాన్ని.

రుసుములు ఎవరు నిర్ణయిస్తారు

కార్డు చెల్లింపును స్వీకరించినందుకు దుకాణదారు తన బ్యాంకుకు ఇచ్చే రుసుమును ఎండీఆర్ అంటారు. గిరాకీ నుంచి వచ్చిన మొత్తంలోంచి దాన్ని కోసుకొని మిగిలినది జమ చేస్తారు. ఈ కోత ఒక్కరికే పోదు. గిరాకీకి కార్డు ఇచ్చిన బ్యాంకు, దుకాణానికి మిషన్ ఇచ్చిన బ్యాంకు, మధ్యలో ఉన్న కార్డు నెట్‌వర్క్ పంచుకుంటాయి.

డెబిట్ కార్డులకు రిజర్వు బ్యాంకు గరిష్ఠ పరిమితి పెట్టింది. 2018 జనవరి 1 నుంచి అమలైన నియమం ప్రకారం, గత ఆర్థిక సంవత్సరంలో 20 లక్షల రూపాయల లోపు టర్నోవరు ఉన్న చిన్న వ్యాపారి నుంచి మిషన్ మీద జరిగే డెబిట్ కార్డు చెల్లింపుకు 0.40 శాతానికి మించి తీసుకోరాదు. అది కూడా ఒక్కో చెల్లింపుకు 200 రూపాయలు దాటకూడదు. అంతకన్నా పెద్ద వ్యాపారికి పరిమితి 0.90 శాతం, 1,000 రూపాయలు. డెబిట్ కార్డు మీద పడే ఈ రుసుమును గిరాకీ నెత్తిన వేయకుండా చూడవలసిన బాధ్యతను కూడా రిజర్వు బ్యాంకు బ్యాంకుల మీద పెట్టింది. "కార్డయితే రెండు శాతం ఎక్స్‌ట్రా" అనే మాట మీరు ఎక్కడైనా విన్నారంటే, డెబిట్ కార్డు విషయంలో అది నియమ విరుద్ధం.

2020 జనవరి 1 నుంచి రూపే డెబిట్ కార్డుకూ యూపీఐకీ ఎండీఆర్ సున్నా అయింది. క్యూఆర్ ఉచితం అనే మాటకు మూలం ఇదే. క్రెడిట్ కార్డుకు ఇలాంటి పరిమితి లేదు. అక్కడ దుకాణదారుకూ బ్యాంకుకూ మధ్య ఒప్పందమే ప్రమాణం. చిన్న వ్యాపారికి బేరమాడే శక్తి తక్కువ కనుక అతనికే శాతం ఎక్కువ పడుతుంది.

రుసుము మీద 18 శాతం జీఎస్టీ ఉంటుంది. అయితే 2,000 రూపాయల లోపు ఒక్కో కార్డు చెల్లింపుకు బ్యాంకు వసూలు చేసే సెటిల్‌మెంటు రుసుముకు ఆ పన్ను మినహాయింపు ఉంది. మిషన్ కిరాయికి మాత్రం ఈ మినహాయింపు లేదు.

ఇక్కడ ఒక పిట్టకథ లాంటి అలవాటు గురించి చెప్పాలి. "200 రూపాయలు దాటితేనే కార్డు" అని రాసిపెట్టిన దుకాణాలు ఉంటాయి. రుసుము శాతంలో ఉన్నప్పుడు ఈ నియమానికి అర్థం లేదు. నూరు రూపాయల బిల్లుకు 0.40 శాతం అంటే 40 పైసలు, వేయి రూపాయల బిల్లుకు నాలుగు రూపాయలు. చిన్న బిల్లు వల్ల అదనపు నష్టం లేదు. ఒప్పందంలో ఒక్కో చెల్లింపుకు ఇంత అని నికరమైన మొత్తం ఉంటే తప్ప ఆ బోర్డు వల్ల దుకాణదారు పోగొట్టుకునేది గిరాకీనే.

ఒక దుకాణం లెక్క

ఇప్పుడు ఒక ఊహాత్మక ఉదాహరణ తీసుకుందాం. కరీంనగర్ టవర్ సర్కిల్‌కు దగ్గరి ఒక వీధిలో కిరాణా దుకాణం ఉంది. రోజుకు 5,000 రూపాయల చొప్పున నెలకు 1,50,000 రూపాయల అమ్మకం. అందులో క్యూఆర్ ద్వారా 90,000, నగదుగా 48,000, కార్డు మిషన్ మీద 12,000 వస్తున్నాయి. కిరాయిలు, క్రెడిట్ కార్డు శాతం నేను లెక్క కోసం అనుకున్నవి. మీరు అభ్యాసం చేసేటప్పుడు మీ వీధిలోని దుకాణదారు ఒప్పందంలో ఉన్న అంకెలు వేసుకోండి.

ముందుగా క్యూఆర్. ఎండీఆర్ సున్నా. కానీ డబ్బు వచ్చినట్టు బిగ్గరగా చెప్పే సౌండ్ బాక్సుకు నెలకు 100 రూపాయల కిరాయి, దాని మీద 18 రూపాయల జీఎస్టీ. మొత్తం 118. దీన్ని 90,000 అమ్మకం మీద పంచితే నూటికి 13 పైసలు. గోడకు అంటించిన కాగితం క్యూఆర్ ఒక్కటే వాడి, ఫోనుకు వచ్చే సందేశం చూసుకుంటే ఈ 13 పైసలు కూడా ఉండవు. కాని కౌంటరు దగ్గర నలుగురు నిలబడినప్పుడు ప్రతిసారీ ఫోను తీసి చూడటం సాధ్యం కాదు. ఆ 118 రూపాయలు నిజానికి మోసం నుంచి కాపాడుకోవడానికి పెట్టే ఖర్చు.

తరువాత మిషన్. కిరాయి 300, జీఎస్టీ 54, కలిపి 354. ఇక 12,000 కార్డు వ్యాపారంలో రూపే డెబిట్ 3,000 అనుకుందాం. దానికి రుసుము లేదు. ఇతర డెబిట్ కార్డులు 5,000, 0.40 శాతం చొప్పున 20 రూపాయలు. క్రెడిట్ కార్డులు 4,000; 1.80 శాతం చొప్పున 72 రూపాయలు. బిల్లులన్నీ 2,000 లోపే కాబట్టి ఈ రుసుముల మీద జీఎస్టీ లేదు. మొత్తం 354కు 92 కలిపితే 446 రూపాయలు. నూటికి 3 రూపాయల 72 పైసలు. ఈ 446లో దాదాపు ఎనభై శాతం కిరాయే. దుకాణదారు శాతం రుసుము తగ్గించమని బ్యాంకును ఎంత బతిమాలినా ఆదా అయ్యేది 92 రూపాయల్లో కొంత మాత్రమే.

చివరికి నగదు. 48,000లో సగం పాలవాడికి, కూరగాయలకు, హమాలీకి, ఇంటి ఖర్చుకు గల్లాలోంచే పోతుంది. మిగిలిన 24,000 బ్యాంకులో వేయాలి. వారానికి ఒకసారి చొప్పున నెలకు నాలుగు సార్లు వెళ్లి రావడానికి ఒక్కోసారి ముప్పావు గంట, మొత్తం మూడు గంటలు. గంటకు 50 రూపాయల కూలి లెక్కన 150. పెట్రోలు 40. చిల్లర లేక రూపాయీ రెండు రూపాయలూ వదిలేయడం వల్ల రోజుకు మూడు రూపాయల చొప్పున 90. చెల్లని, చిరిగిన నోట్ల వల్ల సగటున 50. మొత్తం 330 రూపాయలు. 48,000 మీద నూటికి 69 పైసలు.

| దారి | అమ్మకం | నెల ఖర్చు | నూటికి |
|---|---|---|---|
| క్యూఆర్ | 90,000 | 118 | 0.13 |
| నగదు | 48,000 | 330 | 0.69 |
| కార్డు మిషన్ | 12,000 | 446 | 3.72 |

నగదు ఉచితం కాదని ఈ పట్టిక చెబుతుంది. దాని ఖర్చు బ్యాంకు స్టేట్‌మెంటులో కనిపించదు, అంతే. అయితే మిషన్‌తో పోలిస్తే అది చాలా చవక. అలాగని ఈ పట్టిక చూసి వెంటనే మిషన్ తిరిగి ఇచ్చేయాలని తీర్పు చెప్పకండి. అది సగటు వ్యయం. నిర్ణయానికి కావలసింది అదనపు వ్యయం, అదనపు లాభం.

ఇలా ఆలోచించండి. ఆ 12,000 రూపాయల గిరాకీ మిషన్ లేకపోతే ఏం చేస్తారు? అందరూ క్యూఆర్ స్కాన్ చేసే వాళ్లే అయితే మిషన్ వల్ల దుకాణానికి వచ్చిన లాభం సున్నా, 446 రూపాయలూ దండగ. కొందరు నిజంగానే కొనకుండా వెళ్లిపోయే వాళ్లయితే లెక్క వేరు. ఈ దుకాణంలో సరుకు మీద లాభం నూటికి 8 రూపాయలు అనుకుందాం. కార్డు రుసుము సగటున నూటికి 77 పైసలు పోగా 7 రూపాయల 23 పైసలు మిగులుతాయి. 354 రూపాయల కిరాయి తిరిగి రావాలంటే మిషన్ ఉండటం వల్లే కొత్తగా వచ్చిన అమ్మకం నెలకు సుమారు 4,900 రూపాయలు ఉండాలి. అంటే దుకాణదారు తనను తాను అడగవలసిన ప్రశ్న "కార్డు వ్యాపారం ఎంత?" అన్నది కాదు, "కార్డు లేకపోతే పోయే వ్యాపారం ఎంత?" అన్నది. దీన్ని తెలుసుకోవడానికి ఒక నెల రోజులు కార్డు తీసిన ప్రతి గిరాకీనీ "ఫోన్ పే, గూగుల్ పే ఏదైనా ఉందా?" అని మర్యాదగా అడిగి, లేదన్న వాళ్ల బిల్లులను ఒక కాగితం మీద రాసుకుంటే చాలు.

ఒప్పందం పత్రంలో మరొక షరతును వెతకాలి. నెలకు ఇంత మొత్తం మిషన్ మీద వ్యాపారం జరిగితే కిరాయి ఉండదని, జరగకపోతే పూర్తి కిరాయి పడుతుందని కొన్ని ఒప్పందాల్లో రాసి ఉంటుంది. మిషన్ ఇచ్చేటప్పుడు మొదటి సగమే నోటితో చెబుతారు.

క్యూఆర్ సున్నా కాని సందర్భాలు

దుకాణం ముందు ఒకే క్యూఆర్ ఉన్నా, దాని వెనుక గిరాకీ ఏ ఖాతా నుంచి చెల్లిస్తున్నాడన్న దాన్ని బట్టి రుసుము మారుతుంది. బ్యాంకు పొదుపు ఖాతా నుంచి వస్తే సున్నా. రూపే క్రెడిట్ కార్డును యూపీఐకి జోడించుకొని చెల్లిస్తే, చిన్న వ్యాపారికి 2,000 రూపాయల వరకు రుసుము లేదు, ఆపైన ఉంటుంది. వాలెట్ నుంచి 2,000 పైబడిన చెల్లింపు వస్తే 2023 ఏప్రిల్ నుంచి గరిష్ఠంగా 1.1 శాతం వరకు బ్యాంకుల మధ్య రుసుము అమల్లో ఉంది. అతి చిన్న వ్యాపారుల వర్గానికి అది వర్తించదు. పెద్ద వ్యాపారుల విషయంలో అది ఒప్పందం ద్వారా వాళ్ల మీదికి రావచ్చు.

కిరాణాలో ఈ తేడా పెద్దగా తగలదు. ఆదిలాబాద్ పట్టణంలోని బట్టల దుకాణానికి తగులుతుంది. అక్కడ అక్టోబరు తరువాత మార్కెట్ యార్డుకు పత్తి రావడం మొదలవుతుంది. భారత పత్తి సంస్థకు మద్దతు ధరకు అమ్మిన రైతుకు డబ్బు నేరుగా బ్యాంకు ఖాతాలో పడుతుంది. అప్పుడు జరిగే పెళ్లి బట్టల బిల్లు 5,000, 10,000 ఉంటుంది. రైతు తన బ్యాంకు ఖాతా నుంచి 5,000 స్కాన్ చేస్తే దుకాణదారుకు 5,000 వస్తాయి. పక్కనే నిలబడిన ఉద్యోగి రూపే క్రెడిట్ కార్డు జోడించిన ఫోనుతో అదే క్యూఆర్ మీద 5,000 చెల్లించాడనుకుందాం. రుసుము 2 శాతం అనుకుంటే 100, జీఎస్టీ 18, చేతికి వచ్చేది 4,882. సౌండ్ బాక్సు మాత్రం ఇద్దరికీ "ఐదు వేల రూపాయలు అందాయి" అనే చెబుతుంది. ఆ తేడా రాత్రి లెక్కల్లో "118 రూపాయలు ఎక్కడ పోయాయి" అనే వెతుకులాటగా తేలుతుంది.

డబ్బు ఎప్పుడు చేతికి వస్తుంది

నగదుకు ఈ ప్రశ్న లేదు. చేతికి వచ్చిన నోటుతో మరుక్షణమే పాలవాడికి చెల్లించవచ్చు. మిగతా రెండింటిలో చెల్లింపు జరగడం, జమ కావడం అనేవి వేర్వేరు సంఘటనలు.

కార్డు మిషన్‌లో చీటీ వచ్చిందంటే గిరాకీ బ్యాంకు ఆ మొత్తానికి ఒప్పుకుందని మాత్రమే అర్థం. రోజు చివర ఆ చెల్లింపులన్నింటినీ ఒక మూటగా బ్యాంకుకు పంపాలి. దీన్ని మిషన్‌లో సెటిల్‌మెంట్ అంటారు. ఇప్పటి మిషన్లు చాలావరకు రాత్రి తమంతట తామే పంపుతాయి. కొన్నింటిలో దుకాణదారే మీట నొక్కాలి. నొక్కడం మరిచిపోతే డబ్బు రాదు. సాధారణంగా డబ్బు మరునాడు జమ అవుతుంది. ఒప్పందంలో "మరుసటి పని దినం" అని ఉంటే శనివారం అమ్మకం సోమవారానికో మంగళవారానికో పోతుంది.

క్యూఆర్‌లో రెండు రకాలు ఉన్నాయి, బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. మొదటి రకంలో క్యూఆర్ నేరుగా దుకాణదారు బ్యాంకు ఖాతాకు కలిసి ఉంటుంది. గిరాకీ పిన్ నొక్కిన కొన్ని క్షణాల్లో ఖాతాలో జమ పడుతుంది. ఆదివారమైనా, దసరా అయినా అంతే. బ్యాంకులు తమలో తాము లెక్కలు సరిచేసుకోవడం రోజులో కొన్ని విడతలుగా ఆ తరువాత జరుగుతుంది గాని దాని భారం దుకాణదారు మీద పడదు. రెండో రకంలో డబ్బు ముందు క్యూఆర్ ఇచ్చిన సంస్థ ఖాతాలోకి వెళుతుంది. ఆ సంస్థ రోజంతటి మొత్తాన్ని కలిపి సాధారణంగా మరునాడు దుకాణదారు ఖాతాలో వేస్తుంది. వెంటనే కావాలంటే కొన్ని సంస్థలు దానికి విడిగా రుసుము తీసుకుంటాయి.

ఏ రకమో తెలుసుకోవడానికి సంస్థ ప్రతినిధిని అడగనవసరం లేదు. బ్యాంకు స్టేట్‌మెంటు చూడండి. ప్రతి గిరాకీ చెల్లింపు విడివిడి వరుసగా, దాని 12 అంకెల రెఫరెన్స్ నంబరుతో కనిపిస్తే నేరుగా వస్తున్నట్టు. రోజుకు ఒకటో రెండో పెద్ద మొత్తాలు మాత్రమే కనిపిస్తే మధ్యలో ఒక ఖాతా ఉన్నట్టు.

ఇప్పుడు ఆలస్యం విలువ కట్టాలి. పాఠ్యపుస్తక పద్ధతి వడ్డీ పద్ధతి. మన దుకాణం క్యూఆర్ ద్వారా రోజుకు 3,000 అమ్ముతుంది. ఒక రోజు ఆలస్యం అంటే ఎప్పుడూ 3,000 రూపాయలు బయట ఇరుక్కొని ఉన్నట్టు. ఊళ్లో నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి అప్పు దొరుకుతుందనుకుంటే ఈ ఆలస్యం ఖర్చు నెలకు 60 రూపాయలు. మిషన్ మీద రోజుకు 400 కనుక 8 రూపాయలు. చూడటానికి ఇవి చిన్న మొత్తాలు.

కానీ దుకాణదారు డబ్బును సగటున వాడడు. ఒక నిర్దిష్టమైన రోజున, నిర్దిష్టమైన గంటకు వాడతాడు. మన దుకాణానికి సోమవారం ఉదయం పదకొండు గంటలకు డిస్ట్రిబ్యూటర్ బండి వస్తుంది. 10,000 రూపాయల సరుకు. అక్కడికక్కడే చెల్లిస్తే ఒక శాతం తగ్గింపు, అంటే 100 రూపాయలు. శని, ఆదివారాల్లో క్యూఆర్ మీద 6,000, మిషన్ మీద 800 అమ్మకం జరిగింది. ఆ 6,800 సోమవారం సాయంత్రానికి గాని రాకపోతే దుకాణదారు ఉద్దెర పెట్టాలి, తగ్గింపు పోతుంది. ఆ 6,800 మీద రెండు రోజుల వడ్డీ లెక్కిస్తే తొమ్మిది రూపాయలు. పోయిన తగ్గింపు నూరు రూపాయలు. నెలకు నాలుగు సోమవారాలు, 400 రూపాయలు. ఇది సౌండ్ బాక్సు కిరాయికి మూడింతలు దాటింది, కార్డు మిషన్ మొత్తం ఖర్చుకు దగ్గరగా వచ్చింది.

పరీక్షలో ఆలస్యం ఖర్చు అడిగితే విద్యార్థులు వడ్డీ కట్టి ఆపేస్తారు. వడ్డీ ఆ ఖర్చుకు కనీస అంచనా మాత్రమే. అసలు ఖర్చు తెలియాలంటే రెండు కాలపట్టికలు పక్కపక్కన పెట్టాలి: డబ్బు వచ్చే వేళలు ఒకవైపు, డబ్బు పోయే వేళలు మరోవైపు. డిస్ట్రిబ్యూటర్ బండి గురువారం వచ్చే దుకాణానికి ఇదే ఒక రోజు ఆలస్యం వల్ల పోయేది ఏమీ ఉండకపోవచ్చు. తెల్లవారుజామున ఐదు గంటలకు హోల్‌సేల్ మార్కెట్‌లో కూరగాయలు కొనుక్కొని అదే రోజు అమ్ముకునే తోపుడు బండి మనిషికి రాత్రికల్లా చేతికి రాని డబ్బు అసలు డబ్బే కాదు. అతనికి నేరుగా ఖాతాలో పడే క్యూఆర్, నగదు తప్ప మూడో దారి పనికిరాదు.

మన కరీంనగర్ దుకాణం విషయానికి వస్తే, మధ్య సంస్థ క్యూఆర్‌ను తీసి బ్యాంకు ఖాతాకు నేరుగా కలిసిన క్యూఆర్ పెట్టుకుంటే ఆదివారం రాత్రికే 6,000 ఖాతాలో ఉంటాయి. మిగిలిన 4,000 గల్లా నగదుతో సర్దుకోవచ్చు. రుసుములో పైసా తేడా రాకపోయినా నెలకు 400 మిగులుతాయి.

చెల్లింపు మధ్యలో ఆగితే

ఉట్నూర్, ఇంద్రవెల్లి, నార్నూర్ వైపు వారపు అంగళ్లలో సరుకు పరిచే వ్యాపారికి పై లెక్కలు పూర్తిగా సరిపోవు. అక్కడి కొండ ప్రాంతంలో సిగ్నల్ ఒక చోట ఉంటే పది అడుగుల అవతల ఉండదు. గిరాకీ ఖాతాలో డబ్బు తగ్గినట్టు అతని ఫోనులో సందేశం వస్తుంది, వ్యాపారి పెట్టె పలకదు. అంగడి ముగిసి ఇద్దరూ ఎవరి ఊరికి వాళ్లు వెళ్లిపోతారు. ఇక్కడ రుసుము కన్నా, ఆలస్యం కన్నా ఆ చెల్లింపు పూర్తవుతుందా లేదా అన్న సందేహమే పెద్ద ఖర్చు. అందుకే అంగడిలో నగదుకు ఇంకా విలువ ఉంది. దాన్ని వెనుకబాటుతనం అనుకోవడం తొందరపాటు.

ఇలాంటి చిక్కుకు రిజర్వు బ్యాంకు 2019 సెప్టెంబరులో గడువులు పెట్టింది. దుకాణానికి చేసిన యూపీఐ చెల్లింపులో గిరాకీ ఖాతా తగ్గి, వ్యాపారికి నిర్ధారణ రాకపోతే ఐదు రోజుల్లోగా ఆ సొమ్ము గిరాకీ ఖాతాకు తిరిగి రావాలి. కార్డు మిషన్‌లో ఖాతా తగ్గి చీటీ రాకపోయినా ఇదే గడువు. వ్యక్తి నుంచి వ్యక్తికి పంపిన యూపీఐ సొమ్ము అవతలి ఖాతాలో పడకపోతే మరుసటి రోజులోగా వెనక్కి రావాలి. గడువు దాటితే రోజుకు 100 రూపాయల పరిహారం గిరాకీకి రావాలి. ఈ నియమం గిరాకీని కాపాడుతుంది. సరుకు ఇచ్చేసిన వ్యాపారిని కాపాడదు. సొమ్ము గిరాకీకి తిరిగి వెళ్లాక అతను మళ్లీ అంగడికి వచ్చి ఇస్తేనే వ్యాపారికి దక్కుతుంది.

కాబట్టి సరుకు చేతికి ఇచ్చే ముందు చూడవలసింది గిరాకీ ఫోను తెరను కాదు, తన ఖాతాను. గిరాకీ ఫోనులో కనిపించే పచ్చని టిక్ గుర్తు నిన్నటి చెల్లింపు బొమ్మ కావచ్చు, నకిలీ యాప్‌ది కావచ్చు. సౌండ్ బాక్సు పలకకపోతే బ్యాంకు యాప్‌లో జమల జాబితా తెరిచి చూడాలి. ఉదయం దుకాణం తెరవగానే తన క్యూఆర్‌ను తన ఇంట్లో వాళ్ల ఫోనుతో స్కాన్ చేసి, తన పేరే వస్తోందా అని చూసుకోవడం కూడా మంచిది. అసలు క్యూఆర్ మీద మరొకరి స్టిక్కర్ అంటించి పోయే మోసం ఇలా ఒక్కటే పట్టుబడుతుంది.

పన్ను భయం గురించి ఒక మాట

2025 జులైలో కర్ణాటకలో వాణిజ్య పన్నుల శాఖ యూపీఐ జమల ఆధారంగా చిన్న వ్యాపారులకు నోటీసులు ఇచ్చింది. బెంగళూరులో కొన్ని దుకాణాలు క్యూఆర్ తీసేసి నగదు మాత్రమే అని రాసిపెట్టాయి. మన దగ్గర కూడా దుకాణదారులు ఇదే అడుగుతారు. రుసుముల పట్టికలో ఈ భయానికి చోటు లేదు గాని, నిర్ణయం మీద దాని ప్రభావం ఉంటుంది.

చాలా రాష్ట్రాల్లో సరుకులు అమ్మే వ్యాపారికి జీఎస్టీ నమోదు పరిమితి ఏడాదికి 40 లక్షలు. తెలంగాణలో అది 20 లక్షలే. మన ఉదాహరణ దుకాణం టర్నోవరు 18 లక్షలు. ఈ పరిమితి మొత్తం టర్నోవరుకు సంబంధించినది, క్యూఆర్ ద్వారా వచ్చిన దానికి మాత్రమే కాదు. క్యూఆర్ తీసేసినంత మాత్రాన 22 లక్షల టర్నోవరు 18 లక్షలు కాదు. అసలు ప్రమాదం మరోచోట ఉంది. అన్న పంపిన చేబదులు, చీటీ పాట సొమ్ము, కొడుకు పంపిన ఇంటి ఖర్చు అన్నీ అదే క్యూఆర్ ఖాతాలో పడితే అమ్మకం ఏది, అమ్మకం కానిది ఏది అని రెండేళ్ల తరువాత విడదీసి చూపడం కష్టం. దుకాణానికి ఒక ఖాతా, ఇంటికి ఒక ఖాతా పెట్టుకోవడం ఇందుకే.

అభ్యాసం

మీకు దగ్గరలోని ఒక దుకాణదారుతో మాట్లాడి, పేరు రాయకుండా, ఒక వారం అమ్మకాన్ని మూడు దారులుగా విడదీయండి. ప్రతి రాత్రి మూడు అంకెలు రాసుకోమని అడగండి: ఆ రోజు క్యూఆర్, కార్డు అమ్మకం మొత్తం, ఆ రోజు బ్యాంకులో పడిన మొత్తం, ఇంకా రావలసినది. వారం చివర మొదటి అంకెల కూడికలోంచి రెండో అంకెల కూడికను తీసివేస్తే వచ్చే తేడాలో ఎంత రుసుము, ఎంత ఇంకా దారిలో ఉన్న సొమ్ము అన్నది తేల్చండి. వారం మొదటి రోజు పడిన మొత్తంలో ముందు వారం అమ్మకం కలిసి ఉండవచ్చు, దాన్ని ముందుగా తీసేయండి. రెండూ లెక్కించాక ఏ ఖాతాకూ చెందని మొత్తం మిగిలితే, స్టేట్‌మెంటులోని 12 అంకెల నంబర్లను యాప్ జాబితాతో ఒక్కొక్కటిగా సరిపోల్చండి. ఆ తరువాత దుకాణదారు సరుకు డబ్బు చెల్లించే రోజులను అడిగి, జమ రోజుల పక్కన రాసి, ఆలస్యం వల్ల అతను ఏ తగ్గింపునైనా పోగొట్టుకుంటున్నాడేమో ఒక పేజీలో వివరించండి.